ఏడో రోజున స్లాబ్ కింద జాకీలు తీసేద్దామన్న ప్రాజెక్ట్ మేనేజర్ గారికి మా క్యూసీ అమ్మాయి అడ్డు చెప్పింది. మీరైతే ఏమంటారు?

ప్లానింగ్_రాజు

కోకాపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ప్లానింగ్ చూస్తాను. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు. నిన్న శుక్రవారం వీక్లీ మీటింగ్‌లో జరిగింది రాస్తున్నాను. సగం మంది ఆమెది ధైర్యం అంటున్నారు, సగం మంది తొందరపాటు అంటున్నారు.

మా క్వాలిటీ విభాగంలో ఒక అమ్మాయి ఉంది, శ్రావణి అనుకుందాం. చేరి ఏడాది కూడా కాలేదు. మీటింగ్‌లో ఎప్పుడూ తలుపు పక్క కుర్చీలో కూర్చుంటుంది, అడిగితే తప్ప మాట్లాడదు. కాంక్రీటు బలం చూసే క్యూబ్‌ల రిపోర్టు చదివి కూర్చోవడమే ఆమె పని అని అందరం అనుకునేవాళ్లం.

ఐదో స్లాబ్ పోయిన శనివారం పోశాం. ఎం25, అంటే 28 రోజులకి 25 ఎంపీఏ బలం రావాల్సిన కాంక్రీటు, పీపీసీ సిమెంట్. ఆరో స్లాబ్ సెంట్రింగ్ సోమవారం మొదలవ్వాలి, పచ్చి స్లాబ్‌ని మోసే షీట్లు, జాకీలేమో మా దగ్గర ఒకటిన్నర సెట్టే ఉన్నాయి. మా ప్రాజెక్ట్ మేనేజర్, అదే పీఎం గారు, టీ తాగుతూ, "రేపటికి ఏడు రోజులు. పొద్దున క్యూబ్‌లు పగలగొట్టండి, డెబ్బై శాతం ఎలాగూ వస్తుంది. మధ్యాహ్నం నుంచి మొత్తం విప్పేయండి" అన్నారు. మేస్త్రీ తలూపాడు. క్లయింట్ తరఫు ఇంజినీరు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను మినిట్స్ రాసుకుంటున్నాను.

అప్పుడు ఈ అమ్మాయి, "సార్, ఒక్క డౌట్. బెడ్‌రూములు విప్పడం సరే. నాలుగు హాళ్ల కింద జాకీలు కూడా రేపే తీస్తామా, వాటిని ఉంచుతామా?" అంది.

"మొత్తం అన్నాను కదమ్మా" అన్నారాయన.

"హాలు పెద్దది కదా సార్. ఇంకోటి, ఈ వారం రాత్రిళ్లు స్లాబ్ మీద 12, 13 డిగ్రీలు ఉంటోంది. రోజూ రాసి పెట్టాను. మన క్యూబ్‌లు ట్యాంకులో 27 దగ్గర ఉన్నాయి. రేపు క్యూబ్ పాసైనా పైన స్లాబ్‌కి అంత బలం వచ్చి ఉండదేమో అని నా భయం."

ఆయన నవ్వి, "ఇరవై ఏళ్లుగా ఏడో రోజే విప్పుతున్నానమ్మా, ఒక్క స్లాబ్ కూడా పడలేదు" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె మొహం ఎర్రబడింది కానీ ఆగలేదు. "మీరు చూసినన్ని స్లాబ్‌లు నేను చూడలేదు సార్. కానీ చెక్‌లిస్టు మీద రేపు సంతకం పెట్టాల్సింది నేనే. హాళ్ల వరకు పెట్టలేను సార్. స్లాబ్ పోసినప్పుడు ఇంకో మూడు క్యూబ్‌లు చేసి పైనే స్లాబ్‌తో పాటు తడి గోనె కింద ఉంచాను. రేపు వాటిని కూడా పగలగొడదాం. అవి చూశాక మీరు చెప్పినట్టే చేద్దాం" అంది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పీఎం గారు నా వైపు తిరిగి, "హాళ్లు ఆపితే ఎన్ని జాకీలు తక్కువ పడతాయి?" అని అడిగారు. "డెబ్బై దాకా సార్, అద్దెకు దొరుకుతాయి" అన్నాను. "సరే, హాళ్లు ఆపండి" అని తర్వాతి పాయింటుకి వెళ్లిపోయారు.

క్లయింట్ మనిషి ముందు ఆమె అలా అనొచ్చా?

ఝాన్సీ_కూకట్‌పల్లి

నేను హెచ్ఆర్‌లో పనిచేస్తాను. అమ్మాయి చెప్పిన విషయం బాగానే ఉంది, చెప్పిన చోటే సరిగా లేదు. మీటింగ్‌కి ముందు ఆయన క్యాబిన్‌కి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడితే ఇద్దరి మర్యాదా మిగిలేది. బయటివాళ్ల ముందు "సంతకం పెట్టలేను" అంటే పెద్దాయనకి అది బెదిరింపులా వినిపిస్తుంది.

ప్లానింగ్_రాజు

మేడమ్, హాళ్లు కూడా విప్పుతారని ఆమెకి మీటింగ్‌లోనే తెలిసింది. అంతకుముందు ప్లాన్‌లో బెడ్‌రూములే ఉన్నాయి. విప్పేది మర్నాడే.

హైటెక్_సుబ్బు

మా దగ్గరా ఇదే గొడవ అన్నా. మేనేజర్ క్లయింట్‌కి రెండు వారాలు అని చెప్పేశాడు, పని నాలుగు వారాలది. నేను కాల్‌లోనే "ఇట్ ఈజ్ నాట్ పాసిబుల్" అన్నాను. నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తీసేశారు. అందుకే నా సలహా, నోరు మూసుకుని మెయిల్ పెట్టండి. అన్నట్టు సెంట్రింగ్ అంటే ఇంటికి కట్టే కర్రలేనా? మా మణికొండ ఫ్లాట్‌లో హాల్ సీలింగ్‌కి బీట వచ్చింది, అది దీనివల్లేనా?

మేస్త్రీ_కొడుకు

సుబ్బన్నా, బీట సంగతి ఫోటో లేకుండా ఎవరూ చెప్పలేరు. మీ కేసుకీ దీనికీ తేడా ఉంది. మీరు "కాదు" అని ఆగిపోయారు. ఆ అమ్మాయి బెడ్‌రూములకి సరే అంది, హాళ్లు మాత్రమే ఆపమంది, ఎన్నాళ్లు ఆపాలో తేల్చడానికి క్యూబ్‌లు చేతిలో పెట్టుకుని వచ్చింది. పీఎంకి ఒప్పుకోవడానికి దారి ఉంది.

మా నాన్న ముప్పై ఏళ్లు సెంట్రింగ్ చేసిండు. మేస్త్రీకి ఎప్పుడు విప్పమన్నా సంతోషమే, ఎందుకంటే షీట్లు తిరిగితేనే ఆయనకి పైసలు. అందుకే మేస్త్రీ తలూపిండని ధైర్యపడొద్దు.

సైట్_సింహం

అందరూ ఆ అమ్మాయిని మోసేస్తున్నారు. ఒక్క ప్రశ్న. హాల్ కొలతలు ఎంత?

ప్లానింగ్_రాజు

5.2 బై 4.3 మీటర్లు. బెడ్‌రూములు 3.3 వెడల్పు.

సైట్_సింహం

అదిగో. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో స్లాబ్ కింద ప్రాప్స్‌కి, అంటే జాకీలకి, 4.5 మీటర్ల స్పాన్ దాకా 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. హాల్‌లో చిన్న స్పాన్ 4.3. అంటే 4.5 లోపే. మీ పీఎం చెప్పింది కోడ్ ప్రకారమే. పైగా క్యూబ్ కూడా వస్తుందంటున్నారు, ఇంకేం కావాలి? కొత్తగా వచ్చినవాళ్లు పుస్తకం సగం చదివి మీటింగ్‌లో మాట్లాడితే ఇలాగే ఉంటుంది. అద్దె జాకీల ఖర్చు ఎవరు కడతారు?

రిటైర్డ్_ఈఈ

సింహం గారూ, మీరు చెప్పిన అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ పట్టికకి పైన ఉన్న వాక్యం కూడా చదవండి. ఆ రోజులు ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంట్ వాడి, క్యూరింగ్ సరిగా చేసి, గాలి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గనప్పటివి. వేరే సిమెంట్ అయితే రోజులు మార్చుకోవాలి. ఇక్కడ సిమెంట్ పీపీసీ, అందులో ఫ్లై యాష్ ఉంటుంది కాబట్టి మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. రాత్రేమో 12, 13 డిగ్రీలు. రెండు షరతులూ తప్పాయి. కాబట్టి 4.3 అయినా 4.7 అయినా ఆ 7 మీద నిలబడి వాదించడానికి లేదు. మన హైదరాబాద్‌లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ వాక్యం గుర్తు రాదు, అందుకే మీ పీఎం ఇరవై ఏళ్ల లెక్క తప్పు కాదు. ఆ లెక్కలో డిసెంబర్, జనవరి స్లాబ్‌లు ఎన్నో ఆయనే చెప్పాలి.

ఇక క్యూబ్. కోడ్ అసలు నియమం రోజులు కాదు. విప్పే సమయానికి కాంక్రీటు మీద పడే ఒత్తిడికి కనీసం రెండింతల బలం ఉండాలి. ఆ బలం కూడా పైన స్లాబ్ ఉన్న వేడి, తడి పరిస్థితిలోనే ఉంచిన నమూనాది కావాలి. ట్యాంకులో 27 డిగ్రీల దగ్గర పెట్టిన క్యూబ్ చెప్పేది మనం కలిపిన కాంక్రీటు మంచిదా కాదా అన్నదే. పైన స్లాబ్ ఎంత గట్టిపడిందో అది చెప్పలేదు. ఆ అమ్మాయి మూడు క్యూబ్‌లు తీసుకెళ్లి స్లాబ్ మీద పెట్టింది చూశారా, పుస్తకం సగం చదివినవాళ్లకి ఆ పని తట్టదు.

సైట్_సింహం

ఈఈ గారూ, పీపీసీ మాట ఒప్పుకుంటాను. కానీ స్పాన్ మాట ఒప్పుకోను. రెండు వైపులా బరువు మోసే స్లాబ్‌కి చిన్న స్పానే లెక్క.

రిటైర్డ్_ఈఈ

పట్టికలో "స్పాన్" అని ఉంది, ఏ వైపో రాయలేదు. బరువులో ఎక్కువ భాగం చిన్న వైపే పోతుంది కాబట్టి మీ వాదనలో బలం ఉంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పెద్ద వైపే తీసుకునేవాణ్ణి. డిజైనర్‌ని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

వరంగల్_ట్రైనీ

నేనూ క్యూసీ ట్రైనీనే. నాకు చదువు రాక కాదు, నోరు తెరిస్తే గొంతు వణుకుతుంది. ఆమె అంత స్పష్టంగా ఎలా మాట్లాడగలిగింది? మీటింగ్‌లో పీఎం నవ్వగానే నేనైతే "ఓకే సార్" అనేసేవాణ్ణి.

ప్లానింగ్_రాజు

మీటింగ్ తర్వాత నేనూ అడిగాను. ఆమె నోట్‌బుక్ చూపించింది. పీఎం గారు "మొత్తం విప్పేయండి" అన్నాక క్లయింట్ వాళ్లు లిఫ్ట్ గురించి కాసేపు మాట్లాడారు. ఆ సందులో మూడు లైన్లు రాసుకుందట. మొదటిది ఏది ఒప్పుకోవాలి, రెండోది ఏది చూశాను, మూడోది ఏం అడగాలి. "సార్‌తో వాదన గెలవడం నా వల్ల కాదు, రేపు పొద్దునే ఆ పని జరగకుండా చూస్తే చాలనుకున్నాను" అంది. గొంతు ఆమెకీ వణికింది, పక్కనే ఉన్నాను కాబట్టి వినిపించింది.

"మీరు తప్పు" అనలేదు. "కోడ్ ఇలా ఉంది" అని కూడా అనలేదు. కోడ్ పేరెత్తితే పెద్దాయన "నాకు కోడ్ చెప్తావా" అనేవారని నాకు ఖాయంగా తెలుసు. తను థర్మామీటరుతో చూసిన అంకె చెప్పింది, దాన్ని ఆయన కాదనలేరు.

మేస్త్రీ_కొడుకు

"డౌట్" అని మొదలుపెట్టడం మన సైట్లలో పాత ఉపాయమే. కానీ కొందరు డౌట్ అడిగి, సమాధానం వచ్చాక ఊరుకుంటారు. పీఎంకి అదే కావాలి. ఈమె రెండోసారి కూడా అడిగింది.

ఝాన్సీ_కూకట్‌పల్లి

మర్నాడే విప్పుతారంటే ముందు చెప్పే టైమ్ లేదని ఒప్పుకుంటున్నాను. సంతకం మాట మాత్రం నాకు ఇంకా గుచ్చుకుంటోంది. అది చివరి ఆయుధం కదా, రెండో మాటకే తీయాలా?

రిటైర్డ్_ఈఈ

అమ్మా, ఆ సంతకం ఆయుధం కాదు, ఆమె ఉద్యోగం. చెక్‌లిస్టు మీద క్యూసీ సంతకం ఉండేదే ఇందుకు. "మీరు చేయకూడదు" అనలేదు, "నేను పెట్టలేను" అంది. పీఎం కావాలంటే తన సంతకంతో విప్పించుకోవచ్చు, ఆ దారి మూసేయలేదు. ఆయన ఆ దారిన పోలేదంటే ఆయనకీ లోపల అనుమానం ఉన్నట్టే.

కానీ రాజు గారూ, నాకు వేరే దిగులు ఉంది. ఆ అమ్మాయి మర్యాద కోసం కాస్త ఎక్కువే వదిలేసిందేమో. పీపీసీ, చలి అన్న కారణాలు హాళ్లకి ఎంత నిజమో బెడ్‌రూములకీ అంతే నిజం.

సైట్_సింహం

ఇదెక్కడి మాట సార్! 3.3 మీటర్ల గదికి కూడా ఆపితే ఇక బిల్డింగ్ కట్టక్కర్లేదు.

రిటైర్డ్_ఈఈ

ఆపమనడం లేదు. స్లాబ్‌ని వంచే ప్రభావం స్పాన్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి 3.3 గదిలో ఒత్తిడి 4.3 హాల్‌లో కంటే నలభై శాతం తక్కువ. సొంత బరువు మోయడం వరకు ఆమె సరే అన్నది సబబే. నేను అడిగేది ఆరో స్లాబ్ పోసే రోజు సంగతి. ఆ రోజు ఐదో స్లాబ్ కింద ఏముంటుంది?

ప్లానింగ్_రాజు

బెడ్‌రూముల్లో ఏమీ ఉండదు సార్. ఖాళీ.

రిటైర్డ్_ఈఈ

స్లాబ్ మందం 150 మిల్లీమీటర్లు అనుకుంటున్నాను. కాంక్రీటు ఘనపు మీటరుకి సుమారు 2,500 కిలోలు. అంటే ఆరో స్లాబ్ పచ్చి కాంక్రీటు చదరపు మీటరుకి 375 కిలోలు. దానికి షీట్లు, జాకీలు, ఇనుము, మనుషులు, పంపు పైపు కలపండి. ఈ బరువంతా జాకీల గుండా ఐదో స్లాబ్ మీదికి దిగుతుంది. ఇళ్ల గదులకి మనం డిజైన్‌లో తీసుకునే వాడకపు బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. ఫ్లోరింగ్, ప్లాస్టర్ ఇంకా వేయలేదు కాబట్టి ఆ వంద, నూట యాభై కిలోలు ఇప్పుడు మిగులే అనుకున్నా, 28 రోజులు నిండిన స్లాబ్‌కి కూడా 375 ఎక్కువే. మీది అప్పటికి రెండు వారాలది. కింద జాకీలు ఉంటే ఐదో స్లాబ్ ఆ బరువుని నాలుగో స్లాబ్‌తో పంచుకుంటుంది.

స్లాబ్ పడిపోయిన వార్తల్లో మనం చూసేది ఎక్కువగా పోసే రోజునే. ఏడో రోజు విప్పి అది నిలబడిందని ఆనందపడతాం, అసలు బరువు తర్వాత వస్తుంది.

మేస్త్రీ_కొడుకు

సార్ చెప్పింది కరెక్ట్. ఇంకోటి, మొత్తం విప్పి మళ్లీ జాకీ కొడితే మొదటి జాకీతో సమానం కాదు. విప్పిన గంటలోనే స్లాబ్ కొంచెం కిందికి వంగి కూర్చుంటది. మళ్లీ పెట్టేవాడు ఎక్కువ బిగిస్తే స్లాబ్‌ని పైకి తోసినట్టయితది, వదులుగా పెడితే ఉన్నా లేనట్టే. మంచి మేస్త్రీ సెంట్రింగ్ చేసేటప్పుడే గది మధ్యలో ఒక వరస షీట్లు విడిగా వేస్తడు, దాని కింద జాకీలు వేరే. చుట్టూ షీట్లు విప్పినా ఆ పట్టీని ముట్టుకోరు. కానీ అది స్లాబ్ పోయకముందే అనుకోవాలి.

హైటెక్_సుబ్బు

నా సీలింగ్ ఫోటో పెట్టాను, ఎవరూ చూడట్లేదు.

ప్లానింగ్_రాజు

సోమవారం అప్‌డేట్. శనివారం పొద్దున రెండు సెట్లూ పగలగొట్టారు. డెబ్బై శాతం అంటే 17.5 రావాలి. ట్యాంకులో ఉన్నవాటి సగటు 17.8, స్లాబ్ మీద ఉన్నవాటిది 14.6. పీఎం గారు రిపోర్టు చూసి, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నారు. హాళ్లు 14 రోజుల దాకా ఉంచుతున్నాం.

ఈఈ గారి 375 లెక్క శ్రావణికి చూపించాను. కాసేపు చూసి, "బెడ్‌రూములకి నేను సరే అన్నాను కదా, ఇప్పుడు మళ్లీ ఎలా అడగను?" అంది. మధ్యాహ్నం తనే క్యాబిన్‌కి వెళ్లింది. ఝాన్సీ మేడమ్ చెప్పినట్టే, ఒక్కతే. "సార్, శుక్రవారం నేను విప్పడం గురించే ఆలోచించాను, ఆరో స్లాబ్ పోసే రోజు గురించి అడగలేదు" అని లెక్క కాగితం ఆయన ముందు పెట్టిందట. ఆయన, "విప్పిన స్లాబ్ కింద మళ్లీ జాకీలు పెట్టి బ్యాక్ ప్రాపింగ్ చేయాలంటే ఇంకో సెట్ అద్దెకు తేవాలి. క్లయింట్ కట్టడు" అన్నారట. తర్వాత మేస్త్రీని పిలిచి, పోసే ముందు రోజు ప్రతి బెడ్‌రూము మధ్యలో ఒక వరస పెట్టించమన్నారు. ఆరో స్లాబ్ నుంచి ఆ పట్టీ పద్ధతి చూద్దామన్నారు, ఇంకా ఖాయం చేయలేదు.

రిటైర్డ్_ఈఈ

ఒక వరస చాలుతుందా లేదా అన్నది మీ డిజైనర్‌తో చూపించుకోండి. కింద నాలుగో స్లాబ్‌లో కూడా అదే గీత మీద జాకీలు ఉండాలి, ఒకదాని కింద ఒకటి. పక్కకి జరిగితే కొత్త సమస్య.

వరంగల్_ట్రైనీ

రాజు గారూ, మినిట్స్‌లో ఏమని రాశారు?

ప్లానింగ్_రాజు

"క్యూసీ గమనించిన ఉష్ణోగ్రతల దృష్ట్యా, హాళ్ల ప్రాప్స్ 14 రోజులు ఉంచాలని పీఎం నిర్ణయించారు" అని.

మేస్త్రీ_కొడుకు

అంటే పేరు పీఎంకి పోయింది.

ప్లానింగ్_రాజు

నిర్ణయం ఆయనదే కదా అన్నా. ఆయన నిర్ణయం అని రాస్తే రేపు దాన్ని ఆయనే కాపాడతారు. శ్రావణి చదివి ఓకే అంది.

మేస్త్రీ_కొడుకు

ఓకే అనక ఏమంటది. అప్రైజల్ రోజున ఆ మినిట్స్ ఎవరు తీసి చూస్తరు? కనీసం ఆ ఉష్ణోగ్రతల కాగితం ఆమె పేరుతో రిపోర్టుకి జత చేయండి.

ఝాన్సీ_కూకట్‌పల్లి

ఇది మాత్రం నేను గట్టిగా సమర్థిస్తాను. ఆయన ఇప్పుడు ఆమెతో ఎలా ఉంటున్నారు?

ప్లానింగ్_రాజు

"టెంపరేచర్ మేడమ్" అని పిలుస్తున్నారు, అందరి ముందూ. అది ముద్దుగానో ఎత్తిపొడుపుగానో నాకు తెలియట్లేదు, ఆమెకీ తెలియట్లేదు. కాగితం జత చేశాను.

సైట్_సింహం

14.6 చూశాక హాళ్ల విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. స్పాన్ విషయంలో తగ్గను. మీ హాళ్లకి బాల్కనీ ఉందా? దాని జాకీలు ఎటు నుంచి తీస్తున్నారు?

ప్లానింగ్_రాజు

ఉంది, 1.5 మీటర్లు బయటికి. ఎటు నుంచి అంటే?

మేస్త్రీ_కొడుకు

అయ్యో రాజన్నా. గదిలో అయితే మధ్య నుంచి గోడల వైపు తీస్తరు. బాల్కనీకి బయటి కొస నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి. లోపలి జాకీలు ముందు తీస్తే బాల్కనీ కొస మీద ఆనుకుని కూర్చుంటది, ఇనుమేమో పైన ఉంటది. మేస్త్రీకి ఇప్పుడే ఫోన్ చేయండి.

ప్లానింగ్_రాజు

చేస్తున్నాను.